ఫోటో తీసిన డ్యూటీ షీటు నుంచి ఓటీ లెక్క: చీటీలో 4 గంటలు, మాకు 8 వస్తున్నాయి. ఏది సరైనది?

ఒంగోలు_మేనల్లుడు · 6 అక్టోబరు 2024

చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో మా మామ లైన్ పాలిషర్ మీద పనిచేస్తాడు. రోజూ వచ్చిన టైమూ, వెళ్లిన టైమూ జేబు డైరీలో రాసుకుంటాడు. వారం చివర్లో సూపర్‌వైజరు పక్కన చిన్న సంతకం పెడతాడు. ఆ పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపించి లెక్క చూడమన్నాడు. పేజీలో ఎట్టా ఉందో అట్టాగే ఎక్కిస్తున్నా:

9 సోమ: 8.00 – 6.30
10 మంగళ: 8.00 – 5.00
11 బుధ: 8.15 – 7.45 (లేక 1.45, సరిగా కనపడటం లేదు)
12 గురు: 8.00 – 4.30
13 శుక్ర: 8.00 – 6.30 నై
14 శని: ″ – 5.00 నై

‘నై’ అంటే నైట్ షిఫ్టు. నెల సెప్టెంబరు 2024. భోజనం అరగంట, అది షీటులో రాయలేదు. జీతం నెలకు 16,640. అందులో బేసిక్ 13,000, మిగతా 3,640 అలవెన్సులు. ఆ వారానికి ఓటీ 4 గంటలు, గంటకు 80 చొప్పున 320 ఇచ్చామని చీటీ రాసిచ్చారు. ఇది సరేనా?

గెలాక్సీ_స్లాబు

తమ్ముడూ, 4 గంటలు కరెక్టే. రోజుకు 9 గంటలు దాటిందే ఓటీ. సోమవారం 1, బుధవారం 2, శుక్రవారం 1. అయిపోయింది. గంట రేటు కూడా సరిగ్గానే కట్టారు. 16,640ని 26తో, మళ్లీ 8తో భాగిస్తే 80. డబుల్ అంటే ఒక వంతు ఇప్పటికే నెల జీతంలో ఉంది, ఇంకో వంతు ఇచ్చారు. లెక్క తేలిపోయింది.

పద్దుపుస్తకం

పై జవాబులో 80 అనేది ఒక్కటే నిలబడుతుంది. మిగతా రెండూ తప్పు.

ముందు గంటల సంగతి. ఈ షీటు తేదీకి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో సెక్షన్ 59 రోజుకు 9 గంటలు దాటినా, వారానికి 48 దాటినా రెట్టింపు ఇవ్వాలంటుంది. మధ్యలో ఉన్నది ‘లేదా’. రోజు లెక్క ఒక్కటే చూసుకుని వారం మొత్తం కూడకుండా వదిలేస్తే, 8, 8.30 పని చేసిన రోజులు వారాన్ని 48 దాటించినా ఎవరికీ కనపడదు. ఈ షీటులో జరిగింది అదే.

భోజనం అరగంట ప్రతిరోజూ తీసేసి చూద్దాం. సోమ 10 గంటలు, మంగళ 8.30, బుధ (7.45 అనుకుంటే) 11, గురు 8, శుక్ర 10, శని 8.30. మొత్తం 56 గంటలు. 48 పోతే 8.

4కి 8 కలిపి 12 అడగొద్దు. రోజువారీగా తేలిన ఆ 4 గంటలు ఈ 8లోనే ఉన్నాయి. రెండు లెక్కలూ వేసి, ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. రోజువారీ లెక్క ఎక్కువ వచ్చే వారాలు కూడా ఉంటాయి. నాలుగు రోజులే పనికొచ్చి రోజుకు 11 చేశాడనుకో, వారం 44 మాత్రమే, 48 దాటలేదు. అయినా రోజుకు 2 చొప్పున 8 గంటల ఓటీ వస్తుంది.

ఇక రేటు. నెల జీతం వారానికి 48 గంటల పనికి ఇచ్చేది. ఆపైన చేసిన గంటకు ఆ జీతంలో ఒక్క పైసా కూడా లేదు. కాబట్టి గంటకు 160 మొత్తంగా రావాలి. 8 గంటలకు 1,280. ఇచ్చింది 320. రావాల్సింది 960.

ఒంగోలు_మేనల్లుడు

మరి బుధవారం 1.45 అయితే?

పద్దుపుస్తకం

అప్పుడు ఆ రోజు పని 5 గంటలే. వారం 50కి దిగుతుంది. రోజువారీగా సోమ 1, శుక్ర 1, వెరసి 2. వారంలో 48 దాటింది కూడా 2. అంటే ఓటీ 2 గంటలు, 320 రూపాయలు. వాళ్లిచ్చిన మొత్తం సరిగ్గా అంతే. ఇది యాదృచ్ఛికమే, కానీ ఎవరైనా ‘చూశావా, సరిపోయింది’ అని పేజీ మూసేసే ప్రమాదం ఉంది. ఒక్క అంకె మీద 960 రూపాయలు ఆధారపడి ఉన్నాయి. దాన్ని తేల్చకుండా ముందుకు పోవద్దు.

కావలి_అక్క

ఫోటో నుంచి అంకెలు తీసేటప్పుడు నేను పట్టించుకునేవి చెప్తాను. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపిస్తే అది నొక్కుకుపోయి వస్తుంది, సన్న గీతలు మాయమవుతాయి. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపమనండి. డైరీని బల్ల మీద పరిచి, పగటి వెలుతురులో, నేరుగా పైనుంచి తీయాలి. పేజీ నాలుగు అంచులూ, పైనున్న నెల పేరూ ఫోటోలో పడాలి. పక్కనుంచి వంచి తీస్తే కుట్టు దగ్గర నీడ పడి చివరి గడిలో అంకెలు పోతాయి. వెళ్లిన టైము ఉండేది చాలాసార్లు ఆ గడిలోనే.

7, 1 తేల్చాలంటే అదే చేతిరాతలో ఇంకో 7, ఇంకో 1 వెతకాలి. ఈ పేజీలో 10, 11, 12, 13, 14 ఉన్నాయి కాబట్టి ఆయన 1 ఎట్టా రాస్తాడో ఇట్టే తెలుస్తుంది. 7 కోసం పక్క పేజీ తిప్పండి. 7వ తేదీ ఉంటుంది కదా.

ఇంకోటి. ఎక్కించేటప్పుడు అర్థం చేసుకుంటూ ఎక్కించొద్దు. షీటులో ‘8.00 – 6.30’ అని ఉంటే ముందు ఒక గడిలో అట్టాగే రాయండి. పక్క గడిలో 24 గంటల పద్ధతిలో మీరు అనుకున్నది రాయండి. శనివారం గడిలో ఆ రెండు గీతలు ఉన్నాయే, దాని బదులు 8.00 అని కొట్టేయకండి, గీతలే పెట్టండి. తర్వాత ఎవరన్నా అడిగితే పేజీలో ఉన్నదేదో, మీరు ఊహించిందేదో విడిగా చూపించగలగాలి.

ఎర్రజీరా

రాత్రి, పగలు తేడా గంటల మొత్తానికి పెద్దగా తగలదులే. పగలు 8.00 నుంచి 6.30 అన్నా, రాత్రి 8.00 నుంచి తెల్లారి 6.30 అన్నా పదిన్నర గంటలే. ‘నై’ అని రాసుకోకపోయినా లెక్క మారదు.

కానీ శనివారం చూడండి. శనివారం రాత్రి ఎక్కి ఆదివారం పొద్దున 5కి దిగాడు. అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ఆదివారానివి. అవి వచ్చే వారంలో పడాలి కదా? అప్పుడు ఈ వారం 48 దాటింది తగ్గిపోతుంది.

పద్దుపుస్తకం

ఈ అనుమానం చాలామందికి వస్తుంది. చట్టంలో వారం శనివారం అర్ధరాత్రి మొదలవుతుంది, నిజమే. అయితే అర్ధరాత్రి దాటే షిఫ్టుకు సెక్షన్ 57 ఉంది. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటల్ని ముందు రోజులోనే కలపాలని అందులో ఉంది. కాబట్టి ఆదివారం పొద్దున 5 దాకా చేసిందంతా శనివారం ఖాతాలోకే పోతుంది. 56 అట్టాగే ఉంటుంది. యాజమాన్యం ఈ గంటల్ని కోసి పక్క వారంలో వేస్తే రెండు వారాలూ 48 లోపు కనిపించేలా చేయొచ్చు. అందుకే ‘నై’ అన్న ఆ ఒక్క అక్షరం పేజీ మీద ఉండటం మంచిది.

పెన్నొడ్డు

ఎక్సెల్‌లో వేసుకునేవాళ్లకి. A తేదీ, B వచ్చింది, C వెళ్లింది, D విరామం, E పని, F రోజులో 9 దాటింది. మొదటి వరస 2 అనుకుంటే, E2లోనూ F2లోనూ ఇవి:

```
=MOD(C2-B2,1)-D2
=MAX(0,E2*24-9)
```

కింద వారం మొత్తానికీ, చివరి ఓటీ గంటలకీ:

```
=SUM(E2:E7)
=MAX(SUM(F2:F7),SUM(E2:E7)*24-48)
```

D2లో `0:30` అని కొట్టాలి. MOD ఉంది కాబట్టి రాత్రి షిఫ్టు `20:00` నుంచి `6:30` దాకా అని ఇస్తే సరిగ్గా వస్తుంది.

ఎక్కువమంది పడే గుంట చుక్క దగ్గర ఉంది. డైరీలో 8.15 అని చుక్క పెట్టి ఉంటుంది, చేయి కూడా అదే కొడుతుంది. ఎక్సెల్‌కి చుక్క అంటే దశాంశం, టైము కాదు. 8.15, 19.45 అని చుక్కలతో కొడితే ఎర్రర్ ఏమీ రాదు. బుధవారం పని 6:42 అని నిమ్మళంగా చూపిస్తుంది. నమ్మేట్టుగా ఉంటుంది, అదే ఇబ్బంది. `8:15` అని రెండు చుక్కలతో కొట్టాలి. రెండో గుంట సాయంత్రాన్ని 12 గంటల పద్ధతిలో కొట్టడం. సోమవారం `8:00`, `6:30` అని పెడితే అది రాత్రి షిఫ్టు అనుకుని 22 గంటల పని చూపిస్తుంది. ఇది మాత్రం వెంటనే కంటపడుతుంది.

గెలాక్సీ_స్లాబు

ఇంత తిప్పలెందుకు? నేను వేసి చూశా. మొత్తం గడిలో నేరుగా 8:00 అనే వచ్చింది. అంటే 48 తీసేసి ఓటీ అదే చూపిస్తుంది, రెండో ఫార్ములా అక్కర్లేదు. పోనీ, 8 గంటలే ఒప్పుకుంటా.

పెన్నొడ్డు

అన్నా, అది ఓటీ కాదు. మామూలు `h:mm` ఫార్మాటులో 24 గంటలు నిండిన ప్రతిసారీ గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. 56లో రెండు 24లు పోతే మిగిలింది 8. మన పరిమితి 48, సరిగ్గా రెండు రోజులు కావడంతో రెండూ కలిసిపోయాయి. మొత్తం 48కీ 72కీ మధ్య ఉన్నంతవరకూ ఈ పొరపాటు సరైన జవాబే ఇస్తుంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒక వారం 44 గంటలే అయితే అదే గడి 20:00 చూపిస్తుంది. 20 గంటల ఓటీ అడిగి నవ్వులపాలవుతాం. మొత్తం గడికి ఫార్మాటు `[h]:mm` అని పెట్టండి, 56:00 కనిపిస్తుంది.

కావలి_అక్క

కాగితం మీద కూడేవాళ్లకీ ఇట్టాంటిదే ఉంది. 10.00, 8.30, 11.00, 8.00, 10.00, 8.30 కూడితే 55.60 వస్తుంది. ఆ 60 నిమిషాల్ని గంట చేసి 56 రాయాలి. 55.6 అనుకుని రేటుతో గుణిస్తే 24 నిమిషాలు పోతాయి, ఇక్కడి రేటుకి 64 రూపాయలు. గంటలు ఒక వరస, నిమిషాలు ఇంకో వరసగా కూడుకుంటే ఈ గొడవే ఉండదు.

రొయ్యల_రేవు

నెల్లూరు వైపు రొయ్యల ప్లాంటులో మా ఆడవాళ్లకి తల వలిచే పని. కిలోకి ఇంత అని లెక్క, నెల జీతం లేదు. టైములు రాస్తారు గానీ ఓటీ అడిగితే ‘కిలోల డబ్బులు ఇచ్చాం కదా’ అంటారు. మాకు గంట రేటు ఎట్టా కట్టాలి?

పద్దుపుస్తకం

కిలో లెక్క అయినా సెక్షన్ 59 వర్తిస్తుంది. ఓటీ చేసిన నెలకు ముందు నెల తీసుకోండి. ఆ నెలలో అదే పని మీద, నిజంగా పనికి వచ్చిన రోజుల్లో, ఓటీ కాకుండా సంపాదించింది రోజుకు సగటున ఎంతో చూడండి. ఆ సగటే మామూలు రేటు అవుతుంది. దాన్నుంచి గంటకు ఎంతో కట్టి రెట్టింపు చేయాలి. రాని రోజుల్ని సగటులో కలిపితే రేటు పడిపోతుంది, అది ఒప్పుకోకండి. మీ లెక్కకి విడిగా ఇంకో చర్చ పెట్టండి, ఇక్కడ కలిస్తే ఈ షీటు గందరగోళమవుతుంది.

ఎర్రజీరా

రేటు దగ్గర నాకు ఇంకా అనుమానమే. 26తో ఎందుకు భాగించాలి? నెల జీతం 30 రోజులకి. 30, 8 అంటే 240. గంటకు 69.33 వస్తుంది. సెక్షన్ 59లో 26 అనే అంకె లేదు.

పద్దుపుస్తకం

ఆ అంకె సెక్షన్‌లో లేదన్నది నిజం. 26 అన్నది వారానికో సెలవు తీసేస్తే నెలకు పడే పని రోజులు. జీతం ఆ రోజుల పనికి ఇస్తున్నారన్నది నా వాదన. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. వాళ్ల చీటీలోనే గంటకు 80 అని రాశారు. అంటే 26నీ, 8నీ, అలవెన్సులనీ అన్నిటినీ వాళ్లే ఒప్పుకున్నారు. బేసిక్ ఒక్కటే తీసుకుంటే 62.50 వచ్చేది. ఓటీకి బేసిక్‌తోపాటు అలవెన్సులు కలపాలి, బోనస్ కలపకూడదు. కొన్నిచోట్ల రెట్టింపు ఇస్తారు గానీ బేసిక్ మీదే ఇస్తారు. పైకి చట్టం పాటించినట్టే ఉంటుంది. ఈ చీటీలో ఆ పేచీ లేదు. ఉన్నది గంటల సంఖ్య, రెట్టింపు, ఈ రెండే.

ఎర్రజీరా

26 సంగతి నేను ఒప్పుకోను గానీ, ఈ చీటీ వరకు సరే.

ఒంగోలు_మేనల్లుడు · 9 అక్టోబరు 2024

అక్క చెప్పినట్టు డైరీ తెప్పించి ఎండలో చూశా. అది 7. పేజీకి నీలం గీతలు ఉన్నాయి. మామ 7కి పైన పెట్టే అడ్డగీత సరిగ్గా ఆ నీలం గీత మీదే పడింది. పెన్ను కూడా నీలమే. ఫోటోలో రెండూ కలిసిపోయి కింది కర్ర ఒక్కటే 1 లాగా మిగిలింది. కాగితాన్ని వంచి చూస్తే పెన్ను నొక్కిన గాడి కనిపిస్తోంది. 11, 12లో ఉన్న 1కి పైన ఏమీ లేదు, నిలువు కర్ర మాత్రమే.

పద్దుపుస్తకం

మంచిది. డైరీ తేకముందే దీన్ని తేల్చే దారి ఒకటి ఉంది, నాకూ ఇప్పుడే తట్టింది. వాళ్ల చీటీలో ఓటీ 4 గంటలని ఉంది కదా. బుధవారం 1.45కే వెళ్లి ఉంటే రోజువారీ లెక్కలో 2 గంటలకి మించి రావు. 4 రావాలంటే బుధవారం 11 గంటల పని వాళ్ల లెక్కలో కూడా ఉండి తీరాలి. అంటే 7.45 వాళ్లు ఒప్పుకున్నదే. డైరీ, చీటీ రెండూ కలిపి చూపించండి. డైరీ ఒక్కటే అయితే ‘మీరే రాసుకున్నారు’ అంటారు. డైరీ ఎవరి చేతికీ ఇచ్చి రావొద్దు, ఫోటో ఇవ్వండి, అసలుది ఇంట్లో ఉంచండి. బుధవారం అంకె మీద ఇప్పుడు ఎవరూ పెన్నుతో దిద్దొద్దు. దిద్దితే సరైన అంకె కూడా అనుమానంలో పడుతుంది.

కావలి_అక్క

భోజనం సంగతి ఎవరూ అడగలేదు. రాత్రిపూట కూడా అరగంట ఆపారా?

ఒంగోలు_మేనల్లుడు

మామని అడిగా. పగలు ఒంటిగంటకి లైను ఆపుతారు, అందరూ వెళ్లి తింటారు. రాత్రి మటుకు లైను ఆగదు. స్లాబు లోపలికి పోయాక రాళ్ల మీద నీళ్లు సరిగా పడుతున్నాయా అని చూస్తూ మిషను పక్కనే తింటాడట. మార్చుకోడానికి రెండో మనిషి లేడు.

పద్దుపుస్తకం

అయితే ఆ అరగంట విరామం కాదు, పనే. ఈ షీటు తేదీకి ఉన్న చట్టం ప్రకారం ఏకధాటిగా 5 గంటలు మించి పని చేయించకుండా మధ్యలో కనీసం అరగంట వదలాలి. మిషను చూసుకుంటూ తింటే వదిలినట్టు కాదు. శుక్ర, శని రెండు రాత్రుల అరగంటలూ కలిపితే వారం 57, ఓటీ 9, మొత్తం 1,440. ఇచ్చింది పోగా 1,120.

కానీ వాళ్ల 4 గంటల లెక్క చూస్తే శుక్రవారం అరగంట తీసేసినట్టే ఉంది, లేకపోతే నాలుగున్నర వచ్చేది. షీటులో విరామం రాయలేదు కాబట్టి ఈ గంటకి మామ మాట తప్ప కాగితం లేదు. రెండు అంకెలూ రాసుకుని వెళ్లండి. 960 కాగితం మీద ఉన్నది. 1,120 రాత్రి లైను ఆగలేదని తేలితే.

గెలాక్సీ_స్లాబు

లైను ఆగిందీ లేనిదీ కరెంటు మీటరు చెప్తుంది, కానీ అది కార్మికుడికి ఎవరు చూపిస్తారు? ఇకనుంచి డైరీలో ఇంకో గడి గీసి ‘భోజనం: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా’ అని రాసుకోమను. సంతకం పెట్టేవాడు దాన్నీ చూసే పెడతాడు.

క్వారీ_బాట

మాది ఫ్యాక్టరీ కాదు, క్వారీ. ఇదే లెక్క మాకూ పనికొస్తుందా?

పద్దుపుస్తకం

ఈ షీటు తేదీకి అమల్లో ఉన్నదాని ప్రకారం క్వారీ గనుల చట్టం 1952 కిందికి వస్తుంది. భూమిపైన పనికి అక్కడా రోజుకు 9, వారానికి 48, రెట్టింపు రేటు. సెక్షన్లు, అధికారులు వేరు. అర్జీ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు పెట్టకండి.

పెన్నొడ్డు · జూలై 2025

పాత చర్చే గానీ ఇంకా జనం వచ్చి చదువుతున్నారు కాబట్టి రాస్తున్నా. రోజుకు 9 గంటల పరిమితిని 10 చేయాలని 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పైన పెట్టిన F2 ఫార్ములాలోని 9 ఈ 2024 షీటుకు సంబంధించింది. కొత్త షీట్లు వేసేవాళ్లు ఆ తేదీకి అమల్లో ఉన్న పరిమితి చూసుకుని అంకె మార్చుకోండి.

సరదాకి ఈ షీటులోనే 10 పెట్టి చూశా. రోజువారీ లెక్క 4 నుంచి 1కి పడిపోయింది, బుధవారం ఒక్క గంటే మిగిలింది. వారం లెక్క మాత్రం 8 దగ్గర కదల్లేదు.

ఒంగోలు_మేనల్లుడు

మా సంగతి కూడా చెప్తా. 960 ఇచ్చారు, రెండు విడతల్లో. రాత్రి భోజనం గంట ఒప్పుకోలేదు. మామ ఇప్పుడు డైరీలో అయిదు గడులు గీస్తున్నాడు, పెన్ను నల్లది కొన్నాడు.